రక్తంలో ఆక్సిజన్ శాతం 98 నుంచి 94కి పడితే ఏం కాదట, 90 నుంచి 86కి పడితే పరుగున రమ్మంటారు. రెండూ నాలుగే కదా?

గోదారి_గట్టు
మా నాన్నకి సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు. నలభై ఏళ్ళు కాల్చిన చుట్టల ఫలితం. ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టించాం, వేలికి తగిలించే ఆక్సీమీటరూ కొన్నాం. డాక్టరుగారు 88కీ 92కీ మధ్య ఉంచండి, అంతకు మించి పెంచొద్దు, 86కి వస్తే మాత్రం ఇంకేం ఆలోచించకుండా తీసుకొచ్చేయండి అన్నారు. మొన్న మా ఆవిడకి జ్వరమొచ్చి, రోజూ 98 ఉండేది 94 చూపించింది. అదే డాక్టరు "ఏం కాదు, రెస్టు తీసుకోమనండి" అన్నారు. నాలుగు పడితే ఒకచోట ఏం కాదు, ఇంకోచోట ఆంబులెన్సు. ఎందుకండీ అంటే "అది కర్వ్, చెప్పినా మీకు అర్థం కాదు" అనేసి తర్వాతి నంబరు పిలిచారు. ఇక్కడ ఎవరైనా చెప్తారా? నాది బీకాం. లెక్కలకి భయం లేదు, లాటిన్ పేర్లకే భయం.

చిత్తూరు_సుబ్బు
మా ఊళ్ళో 90 వస్తే కాలేజీవాళ్ళు ఫ్లెక్సీ కట్టేస్తారు సార్. మీరేమో 90కే ఆంబులెన్సు నంబరు వెతుకుతున్నారు.

నీట్_రెండోసారి
ఇది సింపుల్ అంకుల్. ఆక్సిజన్ డిసోసియేషన్ కర్వ్ ఎస్ ఆకారంలో ఉంటుంది. పైన చదును, కింద నిటారు. చదునులో 98 నుంచి 94కి పడితే కొంచెం ఆక్సిజనే పోతుంది. నిటారులో 90 నుంచి 86కి పడితే చాలా పోతుంది. అందుకే భయం.

మత్తుడాక్టరు
తమ్ముడూ, గ్రాఫ్ ఆకారం కరెక్టే, దాని మీంచి తీసిన లెక్కే తిరగబడింది. రక్తంలోంచి పోయిన ఆక్సిజన్ రెండుచోట్లా ఒకటే. శాతం అంటేనే రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్ మీద ఎన్ని సీట్లు నిండాయన్న లెక్క. 4 శాతం ఎక్కడ పోయినా 4 శాతమే.

తేడా అడ్డగీత మీద ఉంది. అడ్డగీత అంటే ఊపిరితిత్తుల నుంచి వచ్చే రక్తంలో ఆక్సిజన్ పీడనం, పాదరసం మిల్లీమీటర్లలో. 98 శాతం ఉండాలంటే ఆ పీడనం సుమారు 105 ఉండాలి. 94కి రావాలంటే అది 70కి పడాలి. అంటే 35 పోయింది. అదే 90 శాతానికి పీడనం 60, 86 శాతానికి 52. ఇక్కడ పోయింది ఎనిమిదే.

అంటే గోదారి_గట్టు గారి భార్య విషయంలోనే ఊపిరితిత్తి పనితనం ఎక్కువ తగ్గింది, నాన్నగారి విషయంలో కాదు. ఒప్పుకుంటారా?

నీట్_రెండోసారి
అలాగైతే డాక్టరు చెప్పింది తప్పా? మా సర్ కూడా నేను చెప్పినట్టే చెప్పారు.

మత్తుడాక్టరు
భయం ఎక్కువ ఉండాల్సింది నాన్నగారి విషయంలోనే. కారణం మాత్రం నువ్వు చెప్పింది కాదు. పీడనం ఇంకో ఎనిమిది, ఆ తర్వాత ఇంకో ఎనిమిది పడితే ఏమవుతుందో చూడు. 60 దగ్గర 90 శాతం. 52 దగ్గర 86. 44 దగ్గర 80. 36 దగ్గర 69. ప్రతిసారీ ఊపిరితిత్తి పోగొట్టుకున్నది ఎనిమిదే, మీటరు మీద మాత్రం నాలుగు, తర్వాత ఆరు, తర్వాత పదకొండు పోయాయి. 86 దగ్గరున్న మనిషికి కొంచెం కఫం అడ్డం పడ్డా, రాత్రి నిద్రలో ఊపిరి కాస్త మందగించినా 70ల్లోకి జారడానికి ఎంతో సేపు పట్టదు. 94 దగ్గరున్నవాళ్ళకి అదే కఫం అడ్డం పడితే 92 అవుతుంది.

ఇప్పుడున్న ఆక్సిజన్ చాలకపోవడం కాదు భయం. తర్వాతి చిన్న దెబ్బకి ఎంత పోతుందన్నదే భయం.

చిత్తూరు_సుబ్బు
తిరుమల నుంచి నడిచి దిగినట్టు అన్నమాట. మోకాళ్ళమెట్టు దాటాక గాలిగోపురం దాకా ఎంత నడిచినా దిగినట్టే ఉండదు. గాలిగోపురం దాటితే అలిపిరి దాకా మెట్లే మెట్లు. నాన్నగారు గాలిగోపురం గుమ్మంలో నిలబడ్డారు.

మత్తుడాక్టరు
సుబ్బు, బాగా పట్టావు. రేపటి నుంచి మా హౌస్‌సర్జన్లకి ఇదే చెప్తా.

గోదారి_గట్టు
ఇది అర్థమైంది. నిజంగానే. అయితే మా ఆవిడ 94ని వదిలెయ్యొచ్చా, వద్దా? మీ లెక్క ప్రకారం 35 పోయింది కదా.

మత్తుడాక్టరు
వదిలెయ్యకండి. కంగారూ పడకండి. ఈ చదును మనల్ని కాపాడుతుంది, మోసమూ చేస్తుంది. ఊపిరితిత్తి చాలా దెబ్బ తిన్నాక గానీ మీటరు పలకదు. ఆపరేషన్ థియేటర్లో నాకిది రోజూ అనుభవం. మాస్కుతో ఆక్సిజన్ పెట్టిన పేషెంటు రక్తంలో పీడనం 400 ఉన్నా మీటరు 100 అంటుంది. గొంతులో వేసిన గొట్టం జారి ఒక ఊపిరితిత్తికే గాలి వెళ్తూ పీడనం 120కి పడిపోయినా 99 అంటుంది. మీటరు చూసి నమ్మకంగా నిలబడ్డ జూనియర్ని వెనక్కి లాగి, ఛాతీ రెండువైపులా లేస్తోందా చూడమనాలి.

ఆవిడకి పూటకోసారి చూడండి. కూర్చున్నప్పుడొకసారి, ఇంట్లోనే కాసేపు నడిచాక ఒకసారి. నడిస్తే 94 కాస్తా 90 అయితే అప్పుడు డాక్టరు దగ్గరికి. ఇంకో మాట, ఆ చిన్న మీటరుకి అటూ ఇటూ రెండు మూడు తేడా మామూలే. వేళ్ళు చల్లగా ఉంటే ఇంకా తిక్కగా చూపిస్తుంది. ఒక్కసారి చూసిన అంకె మీద నిర్ణయం తీసుకోవద్దు.

కరీంనగర్_మల్లేశ్_ల్యాబ్
లెక్కలకు భయం లేదన్నరు కదా, నేను చెప్త. ఒక గ్రాము హిమోగ్లోబిన్ నిండుగ నిండితే 1.34 మి.లీ. ఆక్సిజన్ మోస్తది. మనిషికి 15 గ్రాములున్నయనుకోండ్రి. 15 × 1.34 అంటే 100 మి.లీ. రక్తంల 20.1 మి.లీ. ఇగ 98 కాడ 19.7, 94 కాడ 18.9. గదే 90 కాడ 18.1, 86 కాడ 17.3. రెండు దిక్కులా పోయింది 0.8 మి.లీ. డాక్టర్ సాబ్ చెప్పింది గదే.

రక్తంల కరిగి ఉండే ఆక్సిజన్ వేరే ఉంటది, అది ఆటల అరటిపండు, నేను లెక్కల వట్టలే.

గోదారి_గట్టు
మల్లేశ్ గారూ, ఇదిగో, బ్యాలెన్స్ షీట్ లాగా చెప్పారు. మరి నాన్నని 90 దగ్గరే ఎందుకు ఆపమన్నారు? మిషను తిప్పితే 97 దాకా వెళ్తుంది, నేను ఒకసారి చూశాను. గాలిగోపురం గుమ్మంలో ఎందుకు నిలబెట్టడం, పైకి ఎక్కించెయ్యొచ్చుగా?

విజయవాడ_సత్యం
ఎక్కించకండి బాబూ. మా మావయ్యకి ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ ఐదు లీటర్లు పెట్టారు. పొద్దుటికి మనిషి మత్తుగా, పిలిస్తే పలకట్లేదు. సీఓపీడీ వాళ్ళకి ఊపిరి తీసుకోమని మెదడుకి చెప్పేది ఆక్సిజన్ తక్కువవడమే. ఎక్కువ ఇస్తే మెదడు ఊపిరి తీసుకోవడం మర్చిపోతుంది. అంతే సంగతి.

మత్తుడాక్టరు
సత్యం గారూ, హెచ్చరిక నూటికి నూరు పాళ్ళు సరైంది. కారణం మాత్రం అంత సులువుగా తేలేది కాదు. మెదడు మర్చిపోవడం కొంత ఉంటుంది. అంతకంటే పెద్ద భాగం ఊపిరితిత్తిలోనే జరుగుతుంది. గాలి సరిగా అందని మూలలకి రక్తం పోకుండా ఊపిరితిత్తి తనంతట తాను రక్తనాళాలు బిగిస్తుంది. ఆక్సిజన్ ఎక్కువిస్తే ఆ బిగింపు సడలి, పనికిరాని మూలలకి రక్తం వెళ్ళి, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోకుండా తిరిగొస్తుంది. ఇంకో చిన్న భాగం హిమోగ్లోబిన్‌ది. ఆక్సిజన్‌తో నిండిన హిమోగ్లోబిన్ కార్బన్ డయాక్సైడ్‌ని అంతగా పట్టుకోదు, రక్తంలోకి వదిలేస్తుంది. మూడింటిలో దేని వాటా ఎంతన్నది మాలో మాకే ఇంకా వాదన.

గోదారి_గట్టు గారూ, మల్లేశ్ లెక్కే మళ్ళీ చూడండి. 90 నుంచి 97కి ఎక్కిస్తే 100 మి.లీ. రక్తానికి ఒకటిన్నర మి.లీ. కూడా కలవదు. ఆ కాస్త కోసం మత్తులోకి వెళ్ళే ప్రమాదం ఎందుకు? డాక్టరుగారు చెప్పిన 88-92 సరైంది. మిషను మీద చెయ్యి వెయ్యకండి.

పద్మజ_కాకినాడ
నాదో సందేహం. నాకు హిమోగ్లోబిన్ 7.5 అని రిపోర్టు. కానీ ఆక్సీమీటరు 99 చూపిస్తోంది. అంటే ఆక్సిజన్ బాగానే ఉన్నట్టే కదా? మరి రెండో అంతస్తు ఎక్కేసరికి గుండె దడదడలాడుతుంది ఎందుకు? ఐరన్ మాత్రలు వేసుకుంటే 99 కాస్తా 100 అవుతుందా?

కరీంనగర్_మల్లేశ్_ల్యాబ్
అక్కా, మీటరు అడిగేది ఒక్కటే ముచ్చట: ఉన్న సీట్లల్ల ఎన్ని నిండినయ్? అసలు సీట్లెన్ని అని అడుగది. మీకు సీట్లే సగం. 7.5 × 1.34 అంటే 10 మి.లీ. అవి 99 శాతం నిండినయ్. ఐరన్ వేసుకుంటే మీటరు 99నే చూపిస్తది, గానీ 10 కాస్త నెలలు గడిచేకొద్ది 14, 15 మి.లీ. అయితది. మాత్రలు ఆపకుండ్రి. హిమోగ్లోబిన్ ఎందుకు తగ్గిందో గూడ చూపిచ్చుకోండ్రి, ఊకె తగ్గది.

పద్మజ_కాకినాడ
అయ్యో, మీటరు చూసి రెండు నెలలుగా ధైర్యంగా ఉన్నాను.

నీట్_రెండోసారి
సార్, నాకు అసలైన డౌటు. ఊపిరితిత్తిలో పట్టుకోవాలి, కండరంలో వదలాలి. దానికి ఈ ఎస్ ఆకారం ఎందుకు? కొంచెం వదులుగా పట్టుకునే మామూలు అణువు ఒకటి ఉంటే సరిపోదా? ఎగ్జామ్‌కి కాదు, ఊరికే అడుగుతున్నా.

బయోకెమ్_రావు_రిటైర్డ్
ఊరికే అడిగే ప్రశ్నకి జవాబివ్వడం నాకు చాలా ఇష్టం. ముప్పై ఏళ్ళు క్లాసులో ఎగ్జామ్ ప్రశ్నలే విన్నాను. కాగితం తీసుకో బాబూ, ఎస్ ఆకారం లేని ఒక అణువుని మనమే తయారుచేద్దాం.

సగం సీట్లు నిండడానికి ఎంత పీడనం కావాలో అదొక్కటే మనకి కావాల్సిన అంకె, దాన్ని P50 అంటారు. అక్కడున్న ఆక్సిజన్ పీడనం p అనుకో. మామూలు అణువుకి నిండిన భాగం ఇలా వస్తుంది:

```
p / (p + P50)
```

ముందు గట్టిగా పట్టుకునేదాన్ని చూద్దాం. కండరంలో ఉండే మయోగ్లోబిన్ అలాంటిదే, దానికి P50 3 కంటే కాస్త తక్కువ. ఊపిరితిత్తిలో 100 దగ్గర 97 శాతం నిండుతుంది, శభాష్. కణజాలంలో 40 దగ్గర చూడు, ఇంకా 93, 94 శాతం దగ్గరే ఉంటుంది. తెచ్చిందంతా తిరిగి పట్టుకుపోతుంది. అలాంటి రక్తంతో మనిషి బతకడు.

సరే, నువ్వన్నట్టు వదులు చేద్దాం. హిమోగ్లోబిన్‌కి ఉన్నట్టే P50 27 పెడదాం, ఎస్ ఆకారం మాత్రం వద్దు. 100 దగ్గర 100/127, అంటే 79 శాతమే నిండుతుంది. ఐదో వంతు సీట్లు ఊపిరితిత్తిలోనే ఖాళీగా బయల్దేరతాయి. 40 దగ్గర 60 శాతం. వదిలింది 19. పరవాలేదనిపిస్తుంది. ఇప్పుడు మనిషిని పరుగెత్తించు. కండరంలో పీడనం 20కి దిగుతుంది. మన అణువు 43 దగ్గర ఆగిపోతుంది. మొత్తం వదిలింది 36.

అసలు హిమోగ్లోబిన్ 100 దగ్గర 97, 40 దగ్గర 75, 20 దగ్గర 33 ప్రాంతం. విశ్రాంతిలో 22 వదిలింది, పరుగులో 64. నిండా ఎక్కించుకోవడం, అవసరమైనప్పుడు దాదాపు రెండింతలు దించడం, ఈ రెండూ ఒకే అణువు చెయ్యాలంటే వంపు మధ్యలో నిటారుగా ఉండక తప్పదు.

నీట్_రెండోసారి
వావ్. 36కీ 64కీ ఇంత తేడానా! కానీ ఆ నిటారు ఎక్కడి నుంచి వస్తుంది సార్? కోఆపరేటివిటీ అని రాసేస్తాం, అది ఎలా జరుగుతుందో ఎవరూ చెప్పరు.

బయోకెమ్_రావు_రిటైర్డ్
హిమోగ్లోబిన్ అణువులో నాలుగు ప్రోటీన్ గొలుసులు, నాలుగు ఇనుము పరమాణువులు. ఆక్సిజన్ లేనప్పుడు ఇనుము తన వలయం తలం లోంచి కొద్దిగా బయటికి పొడుచుకొని ఉంటుంది. ఆక్సిజన్ వచ్చి కూర్చోగానే తలంలోకి జరుగుతుంది. ఆ జరుగుడు చాలా చిన్నది. కానీ ఇనుముని పట్టుకున్న హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం దాంతో పాటు కదులుతుంది, హిస్టిడిన్ ఉన్న కడ్డీ కదులుతుంది, గొలుసుల మధ్య ఉన్న విద్యుత్ బంధాలు తెగుతాయి, మొత్తం అణువు బిగుసుకున్న రూపం నుంచి సడలిన రూపానికి తిరుగుతుంది. సడలిన రూపంలో మిగతా ఇనుములు ఆక్సిజన్‌ని సులువుగా తీసుకుంటాయి. అందుకే మొదటిది ఎక్కడం కష్టం, చివరివి తేలిక. దిగేటప్పుడు ఇదంతా తిరగేసి.

ఇది కంటికి కనపడ్డ సందర్భం ఒకటుంది. 1938లో ప్రాగ్‌లో ఫెలిక్స్ హౌరోవిట్జ్ ఎర్రటి సూదుల్లాంటి హిమోగ్లోబిన్ స్ఫటికాలు ఫ్రిజ్‌లో పెట్టి వదిలేశాడు. కొన్ని వారాలకి అందులో చేరిన బ్యాక్టీరియా ఆక్సిజనంతా తినేసింది. తీసి చూస్తే సూదులు లేవు, ఊదారంగు ఆరు పలకల బిళ్ళలున్నాయి. మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తుంటే గాజుపలక అంచు నుంచి గాలి లోపలికి పాకింది, అది పాకిన మేర బిళ్ళలు కరిగి మళ్ళీ ఎర్ర సూదులు మొలిచాయి. ఆక్సిజన్ ఎక్కితే అణువు ఆకారమే మారకపోతే స్ఫటికం ఎందుకు విరుగుతుంది? తర్వాత మాక్స్ పెరూట్జ్ ఎక్స్‌రేలతో హిమోగ్లోబిన్ ఆకారం తేల్చి 1962లో నోబెల్ పంచుకున్నాడు, రెండు ఆకారాల తేడా ఆ తర్వాత తేల్చాడు.

చిత్తూరు_సుబ్బు
మా ఫ్రిజ్‌లో కూడా ఏవేవో రంగులు మారుతుంటాయి రావు గారూ. నోబెల్ మాత్రం రాలేదు, తిట్లే వచ్చాయి.

బయోకెమ్_రావు_రిటైర్డ్
మైక్రోస్కోపు కొనుక్కో సుబ్బు.

పరుగు విషయంలో ఒక ముక్క మిగిలింది. పనిచేసే కండరం వేడెక్కుతుంది, ఆమ్లం, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతాయి. మూడూ కలిసి వంపుని కుడివైపుకి జరుపుతాయి. అంటే అదే 20 పీడనం దగ్గర హిమోగ్లోబిన్ 33 కంటే ఇంకా తక్కువే పట్టుకుంటుంది. ఎక్కడ ఎక్కువ కాలుతోందో అక్కడ ఎక్కువ వదులుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఇలా చేస్తుందని 1904లో కోపెన్‌హేగన్‌లో క్రిస్టియన్ బోర్, ఇద్దరు సహచరులతో కలిసి చూపించాడు. పరమాణు నమూనా నీల్స్ బోర్‌కి తండ్రి ఈయనే.

కొత్తకాపురం_హైదరాబాద్
మీటరు మోసం అన్నారు కదా, మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా ఆడపడుచు చలికాలంలో బాత్రూంలో గ్యాస్ గీజర్ వేసుకుని కిటికీ మూసి స్నానం చేస్తూ పడిపోయింది. తలుపు విరగ్గొట్టి తీశాం. ఆసుపత్రికి తీసుకెళ్తే వేలికి పెట్టారు, 98. "ఆక్సిజన్ బాగుంది, ఉపవాసం ఏమైనా చేశారా, నీరసం" అన్నారు. ఇంకో పెద్దాయన వచ్చి గీజర్ మాట అడిగి, వేరే రక్తపరీక్ష చేయించి, మాస్కు పెట్టి గట్టిగా ఆక్సిజన్ ఇచ్చారు. బతికింది. 98 ఉంటే మరి ఎందుకు పడిపోయింది? పద్మజ గారిలా రక్తం తక్కువేం కాదు, తనకి 13 ఉంటుంది.

మత్తుడాక్టరు
కార్బన్ మోనాక్సైడ్. వేలికి పెట్టే మీటరు రెండు రంగుల కాంతితో చూస్తుంది, మోనాక్సైడ్ ఎక్కిన హిమోగ్లోబిన్ దానికి ఆక్సిజన్ ఎక్కినట్టే ఎర్రగా కనపడుతుంది. రెండిటినీ కలిపి 98 అంటుంది. దాన్ని విడదీసి చూపించేది కో-ఆక్సీమీటరు, రక్తం తీసి పెట్టాలి. గీజర్ మాట అడిగిన ఆ పెద్దాయనకి దండం పెట్టండి. తలనొప్పి, వాంతులు, ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ఇలా ఉంటే మీటరు ఏం చెప్పినా ముందు బయటికి లాగాలి.

నీట్_రెండోసారి
అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. సీట్లు ఆక్రమిస్తుంది. అంటే పద్మజ అక్క పరిస్థితే కదా, సగం సీట్లు లేవు?

బయోకెమ్_రావు_రిటైర్డ్
అదే పరిస్థితి అయితే పద్మజ కూడా బాత్రూంలో పడిపోయి ఉండేది. ఆమె మెట్లెక్కుతోంది, దడగా ఉన్నా ఎక్కుతోంది. సగం హిమోగ్లోబిన్‌ని మోనాక్సైడ్ ఆక్రమించినవాళ్ళు ప్రాణాపాయంలో ఉంటారు. రెండుచోట్లా మోసే ఆక్సిజన్ 10 మి.లీ.యే. తేడా ఎక్కడ?

వేసి చూద్దాం. విశ్రాంతిలో శరీరం 100 మి.లీ. రక్తం నుంచి 5 మి.లీ. తీసుకుంటుంది. పద్మజ రక్తంలో 10 ఉంది, 5 తీస్తే 5 మిగిలింది, సగం సీట్లు నిండి ఉన్నాయి. 50 శాతం అంటే వంపు మీద 27 పీడనం. మామూలు మనిషికి 40 ఉండాల్సింది, తగ్గింది, అయినా కణాల్లోకి ఆక్సిజన్‌ని తొయ్యడానికి అది సరిపోతుంది.

మోనాక్సైడ్ మనిషిలోనూ 10 నుంచి 5 తీశాం. ఇప్పుడు హిమోగ్లోబిన్ సీట్లు ఇలా ఉన్నాయి: సగం మోనాక్సైడ్, పావు ఆక్సిజన్, పావు ఖాళీ. హిమోగ్లోబిన్‌కి ఎక్కింది ఎవరన్నది పట్టదు. ముప్పావు నిండానని అది సడలిన రూపంలోనే కూర్చుంటుంది. 75 శాతం నిండుదనానికి వంపు మీద 40 పీడనం కావాలి, కానీ ఆ 40లో రెండు వంతుల పని మోనాక్సైడ్ చేస్తోంది. నిండిన మూడు పాళ్ళలో ఆక్సిజన్‌ది ఒక పాలు. అందుకని దాని పీడనం 40లో మూడో వంతు, 13.

ఒకరికి 27, ఒకరికి 13. ఆక్సిజన్ అంతే ఉంది, అంతే తీసుకుంటున్నాం, కానీ 13 దగ్గర అది రక్తంలోంచి మెదడు కణం దాకా చేరదు. వంపు ఎడమవైపుకి జరిగి, ఎస్ ఆకారం పోయి, మనం తయారుచేసిన మామూలు అణువు వంపులా మారిపోయింది.

కరీంనగర్_మల్లేశ్_ల్యాబ్
రావు సార్, ఇరవై ఏండ్లసంది ల్యాబుల చేస్తున్న, ఈ 13 లెక్క ఎవ్వలూ చెప్పలే. కాగితం మీద వేసి గోడకు అంటిస్త.

విజయవాడ_సత్యం
గట్టిగా ఆక్సిజన్ ఇస్తే సీట్లు ఖాళీ అవుతాయా మరి? పైన సీఓపీడీకి గట్టిగా ఇవ్వొద్దన్నారు, ఇక్కడ ఇవ్వాలంటున్నారు.

మత్తుడాక్టరు
జబ్బు వేరు సత్యం గారూ. ఇక్కడ ఆక్సిజన్ పీడనం ఎంత పెంచితే మోనాక్సైడ్ అంత త్వరగా ఊడుతుంది. మామూలు గాలి పీలిస్తే అది సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కు బిగించి నూరు శాతం ఆక్సిజన్ ఇస్తే గంటా గంటన్నర. అందుకే మీటరు 98 అంటోందని మాస్కు తీసెయ్యకూడదు.

లేహ్_పోస్టింగ్
మీరంతా 90కి భయపడుతున్నారు. నేను లేహ్‌లో దిగిన మొదటి రోజు 86, మూడో రోజు 88. మా తుకడీలో అందరిదీ అంతే. టీ తాగుతూ క్యారమ్స్ ఆడాం. మాది శ్రీకాకుళం జిల్లా, సముద్రం పక్కన పెరిగినవాణ్ణి. మరి గాలిగోపురం సిద్ధాంతం ప్రకారం నేను అలిపిరిలో పడి ఉండాలి కదా?

మత్తుడాక్టరు
మీరూ నిలబడింది ఆ గుమ్మంలోనే. 3,500 మీటర్ల ఎత్తులో ఊపిరితిత్తిలోని పీడనమే 50ల్లో ఉంటుంది. తేడా ఏమిటంటే మీ ఊపిరితిత్తి ఆరోగ్యంగా ఉంది, వేగంగా పీల్చి కాపాడుకుంటున్నారు, గుండె కూడా కొంచెం గబగబా కొడుతోంది. అందుకే మొదటి రెండు రోజులూ మీకు రెస్టు ఆర్డరు ఇస్తారు. అక్కడ న్యుమోనియా వస్తే మన ఊళ్ళో వచ్చినదానికంటే ఎంత త్వరగా జారతారో మీ మెడికల్ ఆఫీసర్ని అడగండి.

నీట్_రెండోసారి
ఎత్తుకి వెళ్తే ఎర్రకణాల్లో ఉండే 2,3-డీపీజీ అనే పదార్థం పెరిగి వంపు కుడికి జరుగుతుంది, కణాలకి ఎక్కువ వదులుతుంది. అలవాటు పడడం అంటే అదే.

బయోకెమ్_రావు_రిటైర్డ్
డీపీజీ పెరగడం నిజం. అది మేలు చేస్తుందా అన్నది వేరే సంగతి. కుడికి జరిగితే దించడం సులువు, ఎక్కించడం కష్టం. లేహ్‌లో సరిపోవచ్చు. ఇంకా పైకి వెళ్ళేకొద్దీ ఎక్కించడమే అసలు సమస్య. హిమాలయాల మీంచి ఎగిరి చలికాలం మన దేశానికొచ్చే చారల తల బాతు హిమోగ్లోబిన్ దాని బంధువుల కంటే గట్టిగా పట్టుకునే రకం, అంటే ఎడమవైపు వంపు. ఆండీస్ కొండల్లో లామాది కూడా అంతే.

నీట్_రెండోసారి
కానీ సార్, పుస్తకంలో కుడికి అనే ఉంది.

మత్తుడాక్టరు
ఇద్దరూ ఆగండి. ఎత్తులో వేగంగా ఊపిరి తీస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి రక్తం క్షారమవుతుంది, అది వంపుని ఎడమకి లాగుతుంది. డీపీజీ కుడికి లాగుతుంది. లేహ్ ఎత్తులో రెండూ చాలావరకు కొట్టుకుపోతాయి. ఎవరెస్టు మీద ఎడమే గెలుస్తుంది. రావు గారి బాతుల సంగతి ఒప్పుకుంటాను, కానీ 3,500 దగ్గర డీపీజీకి అసలు విలువే లేదంటే నేను ఒప్పుకోను.

బయోకెమ్_రావు_రిటైర్డ్
విలువ లేదనలేదు. సముద్రమట్టం దగ్గర రక్తహీనతలో అది పనికొస్తుంది, పద్మజకి ఇప్పుడు పనికొస్తూనే ఉంది. అక్కడ ఎక్కించే చోట 100 ఉంది, కుడికి జరిగినా చదునులోనే ఉంటాం, నష్టం లేదు. లేహ్‌లో ఎక్కించే చోటే 50 ఉంటే, కుడికి జరిగినప్పుడు పైన పోయింది ఎంత, కింద కలిసొచ్చింది ఎంత అని అంకెలు వేసి చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాను.

మత్తుడాక్టరు
డ్యూటీలో ఉన్నాను. రాత్రికి వేస్తా.

లేహ్_పోస్టింగ్
వేసేటప్పుడు నా 88 తీసుకోండి. హిమోగ్లోబిన్ 15.8, వచ్చేముందు చేయించాను.